ముఖానికి రాసేది పడకపోతే: ప్రిజర్వేటివ్, సువాసన ఎలర్జీని కనిపెట్టి, జాగ్రత్తగా ఉత్పత్తులు మార్చుకునే పద్ధతి

కనురెప్పల మీద దురద, మెడకు రెండు పక్కలా పొలుసులు, చెవుల వెనక ఎర్రగా పగుళ్లు. ఇలా వచ్చినప్పుడు చాలామంది మొదట ముఖానికి రాసే క్రీమ్ మారుస్తారు. నెల చూసి తగ్గకపోతే ఇంకోటి కొంటారు, ఈసారి కాస్త ఖరీదైనది. దురద మాత్రం పోదు. కంపెనీ మారినా, పాడవకుండా లోపల వేసే ప్రిజర్వేటివ్ అదే కావచ్చు. లేదా అసలు కారణం క్రీమ్ కాకుండా తలకు వాడే షాంపూ కావచ్చు. కాబట్టి ముందు ఏ పదార్థం పడట్లేదో తెలియాలి. అది తెలిశాక సీసా ఎవరిదైనా వెనక్కి తిప్పి చదివి తేల్చుకోవచ్చు.

మా పిన్ని విషయంలో ఇదంతా మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూశాను. అందుకని ఆవిడ కేసునే పట్టుకుని చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఇరిటేషనా, ఎలర్జీయా?

పచ్చిమిరపకాయలు ఎక్కువగా తరిగితే ఎవరి చేతులైనా మండుతాయి. ఇరిటేషన్ అంటే అంతే. పదార్థం నేరుగా చర్మం పైపొరను దెబ్బతీస్తుంది. ఘాటు ఎక్కువైతే, ఎక్కువసేపు ఉంచితే, చర్మం అప్పటికే పొడిబారి ఉంటే ఎవరికైనా రావచ్చు. సబ్బు ఎక్కువ వాడినా, మొటిమలకు రాసే యాసిడ్ సీరమ్‌లు, రెటినాల్ ఒక్కసారిగా మొదలుపెట్టినా వచ్చేది ఎక్కువగా ఇదే. రాసిన నిమిషాల్లో, గంటల్లో మంట, చిమచిమ మొదలవుతాయి. ఎక్కడ రాశారో అక్కడే ఉంటుంది. మోతాదు తగ్గిస్తే తగ్గుతుంది, ఆపేస్తే సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది.

ఎలర్జీ రోగనిరోధక వ్యవస్థ చేసే పని. ఒక పదార్థపు చిన్న అణువు చర్మంలోని ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. దాన్ని శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు ఏర్పడటానికి కనీసం పది, పదిహేను రోజులు కావాలి. ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఒకసారి ఏర్పడిందంటే, ఆ తర్వాత ఆ పదార్థం ఏ కాస్త తగిలినా రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు అక్కడికి చేరతాయి. వాటికి సమయం కావాలి కాబట్టి దురద ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత మొదలవుతుంది. సోమవారం వాడిన దానికి బుధవారం దద్దు వస్తే, మంగళవారం వాడిన దాన్ని అనుమానించడం సహజం. జనం తప్పు సీసాను పారేసేది ఇలాగే.

పిన్ని మొదట అన్న మాట: "ఏళ్ల తరబడి వాడుతున్నదే కదా, ఇప్పుడు కొత్తగా ఎందుకు పడదు?" ఎలర్జీ విషయంలో ఈ వాదన నిలబడదు. చాలా రోజులుగా వాడుతున్నదే ఒక రోజు పడకుండా పోతుంది. కొత్తగా కొన్నదాని మీదే అనుమానం పెట్టుకుంటే పాత షాంపూ తప్పించుకుంటుంది.

రెంటినీ విడదీయడానికి ఇంకో రెండు గుర్తులు పనికొస్తాయి. ఇరిటేషన్‌లో మంట ముందుంటుంది, ఎలర్జీలో దురద. ఇరిటేషన్ హద్దు దాటదు. ఎలర్జీ రాసిన చోటు దాటి పాకుతుంది, ఒక్కోసారి చిన్న చిన్న నీటి పొక్కులు వస్తాయి. మన చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనబడదు. ముదురు గోధుమ రంగులోనో, బూడిద రంగులోనో, కాస్త గరుకుగా ఉబ్బినట్టుగానో తెలుస్తుంది. చూడటం కంటే వేలితో తడిమితే బాగా తెలుస్తుంది. తగ్గాక నల్ల మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. ఆ మచ్చను చూసి ఎలర్జీ ఇంకా తగ్గలేదనుకోకండి. దురద, గరుకుదనం పోయాయా అన్నదే చూడాలి.

అయినా ఈ గుర్తులు వంద శాతం కావు. ఇరిటేషన్‌తో పైపొర చితికిన చర్మంలోకి ఎలర్జీ కలిగించే పదార్థం సులువుగా దిగుతుంది. అందుకే ఒకే మనిషికి రెండూ కలిసి ఉండటం మామూలే. నిమిషాల్లో దద్దుర్లు లేచి, పెదవులు, నాలుక ఉబ్బి, ఊపిరి ఆడనట్టుంటే అది ఈ రెండూ కాదు, వేరే రకం ఎలర్జీ. అప్పుడు ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎక్కడ వచ్చిందో చూస్తే సగం తెలుస్తుంది

కనురెప్పల చర్మం ఒంట్లోకెల్లా పలచన. కాబట్టి అక్కడ రాయనిది కూడా అక్కడే బయటపడుతుంది. తలకు పెట్టిన షాంపూ నురగ కారిపోయే దారి గుర్తుంచుకోండి: నుదుటి అంచులు, కనురెప్పలు, చెవుల వెనక, మెడ పక్కలు. దురద ఈ దారి పొడుగునా ఉండి, బుగ్గల మధ్య భాగం మాత్రం శుభ్రంగా ఉంటే ముఖం క్రీమ్ కంటే షాంపూని, కండిషనర్‌ని, సువాసన కలిపిన తలనూనెని ముందు అనుమానించాలి. బుగ్గలు, నుదురు మొత్తం సమానంగా ఉంటే క్రీమ్, సన్‌స్క్రీన్. మెడ మీద ఒక పక్కే ఉంటే సెంటు చల్లుకునే చోటు. బొట్టు పెట్టే చోట మాత్రమే గుండ్రంగా ఉంటే స్టిక్కర్ జిగురు, లేదంటే కుంకుమ.

పిన్నికి రెప్పలు, చెవుల వెనక, మెడ పక్కలు. దానికి తోడు కుడిచేతి వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు. తల నురగతో పైవాటిని వివరించవచ్చు. కానీ ఒక్క చేతి వేళ్లకే ఎందుకు వచ్చింది? మనవరాలి మూతి, చేతులు తుడవడానికి రోజుకు చాలాసార్లు తడి వైప్స్ వాడేది. తుడిచేది కుడిచేత్తో. కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్లిన రోజుల్లో వేళ్లు బాగయ్యాయి. తిరిగొచ్చిన వారంలోనే మళ్లీ మొదలు.

అన్నీ ఆపి, అన్నీ రాసుకోవడం

ఇప్పుడు చేయాల్సింది కొనడం కాదు, ఆపడం. ముఖానికి, మెడకు ఏమీ రాయకుండా, గోరువెచ్చని నీళ్లతో కడిగి, సువాసన లేని సాదా పెట్రోలియం జెల్లీ పలచగా రాస్తే చాలు. దాంట్లో నీళ్లుండవు కాబట్టి ప్రిజర్వేటివ్ అవసరమే ఉండదు. ఎలర్జీ కలిగించడం చాలా అరుదు. ముఖం జిడ్డుగా ఉంటుందని కొందరికి నచ్చదు, కానీ ఈ కొద్ది వారాలూ ఓర్చుకోవాలి. ఎలర్జీ అయితే పూర్తిగా తగ్గడానికి మూడు, నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా పడుతుంది. వారం చూసి "ఆపినా తగ్గలేదు, అంటే ఇది కారణం కాదు" అనేసుకోకూడదు.

దురద భరించలేకపోతే డాక్టర్ కొద్ది రోజులకు స్టెరాయిడ్ క్రీమో, కనురెప్పలకు టాక్రోలిమస్ లాంటిదో రాస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీమ్‌లు, మూడు మందులు కలిపిన ట్యూబులు మాత్రం వద్దు. వాటిలోని స్టెరాయిడ్ ఎలర్జీని కప్పేస్తుంది. ఆపగానే రెట్టింపుగా తిరగబెడుతుంది. పైగా ముఖం చర్మం పలచబడుతుంది.

ఆపిన రోజునే ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఒంటికి తగిలేవన్నీ రాయాలి. స్నానాల గదిలో ఉన్నవే కాదు. చేతులు కడిగే లిక్విడ్, అంట్లు తోమే లిక్విడ్, బట్టలకు వేసే కండిషనర్, వైప్స్, సన్‌స్క్రీన్, లిప్ బామ్, సున్నిపిండిలో కలిపే సుగంధద్రవ్యాలు, పూజగదిలో చందనం, అగరుబత్తీ, రూమ్ స్ప్రే. భర్త గడ్డం గీసుకున్నాక పూసుకునేది కూడా రాయాలి, ఎందుకంటే ఒకరు పూసుకున్న సెంటు ఇంకొకరి చెంపకు తగలడం కొత్తేమీ కాదు. ప్రతి దాని వెనక పదార్థాల జాబితా ఫోటో తీసి పెట్టుకోండి. షాంపూ సాచెట్ల మీద జాబితా దొరక్కపోవచ్చు. మన దేశపు నిబంధనల్లో చిన్న ప్యాక్‌లకు ఆ మినహాయింపు ఉంది. అలాంటప్పుడు అదే షాంపూ పెద్ద సీసా చూసి రాసుకోవాలి.

దోషులు ఎవరెవరు

నీళ్లున్న ఏ క్రీమ్‌లోనైనా, షాంపూలోనైనా బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. వాటిని ఆపడానికి ప్రిజర్వేటివ్ వేస్తారు. అది తప్పనిసరి, చెడ్డ పనీ కాదు. కానీ ఎలర్జీ విషయంలో అన్నీ ఒకటి కావు.

ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేది మిథైల్‌ఐసోథియాజోలినోన్. పేరు పొడవు కాబట్టి డాక్టర్లు ఎంఐ అంటారు. చాలాకాలం దీన్ని ఎంసీఐ, అంటే మిథైల్‌క్లోరోఐసోథియాజోలినోన్ అనే ఇంకో పదార్థంతో కలిపి, అతి తక్కువ మోతాదులో వాడేవారు. 2005లో ఐరోపాలో ఎంఐని విడిగా, పది లక్షల్లో వంద భాగాల దాకా వాడుకోవడానికి అనుమతి ఇచ్చారు. మిశ్రమంలో ఉండేదాని కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. పారాబెన్లు అనే పాత ప్రిజర్వేటివ్‌ల మీద భయం పెరిగి కంపెనీలు వాటిని తీసేస్తున్న రోజులవి. ఖాళీ అయిన చోటికి చాలావాటిలో ఎంఐ వచ్చి చేరింది. వైప్స్‌లో, క్రీమ్‌లలో తగిలి ఎలర్జీలు ఎంతగా పెరిగాయంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దీన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటి మీద ఉంచుకునే ఉత్పత్తుల్లో దీన్ని 2017లో ఐరోపా నిషేధించింది. కడిగేసే వాటిలో మాత్రం పది లక్షల్లో 15 భాగాలకు కుదించి ఉంచింది.

అదే సొసైటీ 2019లో పారాబెన్లను ఎలర్జీ కలిగించని పదార్థంగా ఎంచి చూపించింది. ఎలర్జీ వరకూ చూస్తే, వాడుకలో ఉన్నవాటిలో ఇవే చాలా సురక్షితమైనవని చెప్పడానికి. "పారాబెన్ ఫ్రీ" అన్న ముద్ర చూసి కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండో గుంపు ఫార్మాల్డిహైడ్‌ను కొంచెం కొంచెంగా వదిలే ప్రిజర్వేటివ్‌లు. వీటి పేర్లలో ఫార్మాల్డిహైడ్ అన్న మాట ఉండదు, కాబట్టి చూడగానే పట్టుకోలేం. ఎంఐ, ఎంసీఐలతో కలిపి వెతకాల్సిన పేర్లు ఇవి. ఆన్‌లైన్‌లో ఉత్పత్తి పేజీ తెరిచి పదార్థాల జాబితాలో ఒక్కొక్కటిగా టైప్ చేసి చూడండి:

```
Methylisothiazolinone
Methylchloroisothiazolinone
DMDM Hydantoin
Quaternium-15
Imidazolidinyl Urea
Diazolidinyl Urea
2-Bromo-2-Nitropropane-1,3-Diol
Parfum / Fragrance / Perfume
```

చివరి వరుస సువాసనది. ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. యూజెనాల్, సిన్నమాల్, జెరానియాల్, సిట్రల్ లాంటివి తెలిసిన ఎలర్జీ కారకాలు. లావెండర్‌లో ఉండే లినలూల్, నిమ్మజాతి తొక్కల నుంచి వచ్చే లిమోనీన్ సంగతి వేరు. తాజాగా ఉన్నప్పుడు ఇవి పెద్దగా ఏమీ చేయవు. మూత తీసి గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి, ఎలర్జీ కలిగించేవి అవే. సగం వాడి ఏడాదిగా అల్మారాలో ఉంచిన నూనె కొత్తదానికంటే ఎక్కువ ప్రమాదం అన్నమాట. సహజమైనది, ఆయుర్వేదం, ఎసెన్షియల్ ఆయిల్ అని రాసి ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తప్పిపోదు.

ప్యాచ్ టెస్ట్: ఊహకు బదులు రుజువు

వారాల తరబడి తిరగబెడుతుంటే చర్మ వైద్యుల దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోవాలి. ఇది సూది పరీక్ష కాదు, రక్త పరీక్షా కాదు. ఆ పరీక్షలు ఇలాంటి ఎలర్జీని పట్టుకోలేవు. అనుమానిత పదార్థాలను ఒక్కొక్కటి చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి వీపు పైభాగాన టేపుతో అంటిస్తారు. 48 గంటలు ఉంచి తీస్తారు, అప్పుడొకసారి చూస్తారు. మళ్లీ మూడో రోజునో, నాలుగో రోజునో చూస్తారు. కొన్నిటికి ఏడో రోజు కూడా చూడాల్సి రావచ్చు. ఈ రెండో చూపు వదిలేస్తే పరీక్ష సగమే అయినట్టు. ఎలర్జీ రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది, ఇరిటేషన్ అయితే తగ్గుతుంది.

వెళ్లేముందు రెండు విషయాలు అడగండి. కాస్మెటిక్స్ కోసం ఉండే పరీక్ష పదార్థాల సిరీస్ వేస్తారా, దాంట్లో ఎంఐ ఉందా? మామూలు సిరీస్‌లో అన్నీ ఉండాలని లేదు. మీరు వాడే క్రీమ్‌లు కూడా తెచ్చుకోమంటారా? క్రీమ్ లాంటి ఒంటి మీద ఉంచుకునేవి చాలావరకు ఉన్నవి ఉన్నట్టే పెట్టవచ్చు. షాంపూ, సబ్బు అలా పెడితే ఎలర్జీ లేనివాళ్లకు కూడా చర్మం కాలుతుంది, వాటిని డాక్టరే పలచన చేసి పెట్టాలి. ఇంట్లో షాంపూ వీపుకు పూసి ప్లాస్టర్ వేసే ప్రయోగం చేయొద్దని ఇందుకే చెబుతున్నాను.

వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకి టేపులు ఊడిపోతాయి, కాబట్టి వీలైతే చలికాలంలో పెట్టించుకోండి. గుర్తులు పెట్టే సిరా అంటుతుంది, పాత వదులు జాకెట్టో చొక్కానో వేసుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు మింగుతుంటే, వీపుకు స్టెరాయిడ్ రాస్తుంటే ముందే చెప్పాలి, లేకపోతే ఉన్న ఎలర్జీ కూడా కనబడదు. గర్భిణులకు సాధారణంగా వాయిదా వేస్తారు.

పిన్నికి టేపులు తీసిన రోజు ఎంఐ చోట కొద్దిగా గరుకు మాత్రమే ఉంది. నాలుగో రోజుకి అక్కడ ఉబ్బి చిన్న పొక్కులు లేచాయి, ఎలర్జీ తీవ్రతకు గుర్తుగా డాక్టర్ రెండు ప్లస్‌లు వేశారు. సువాసనల మిశ్రమానికి ఒక ప్లస్. నికెల్‌కీ ఒక ప్లస్ వచ్చింది. అది ఎప్పుడో గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడిన రోజుల నాటిది, ఇప్పటి రెప్పల దురదతో సంబంధం లేదు. ప్లస్ వచ్చిన ప్రతిదీ ఇప్పటి జబ్బుకు కారణం కాదు. మీరు వాడే వస్తువుల్లో అది ఉందా, దద్దు వచ్చిన చోట తగులుతోందా అని సరిపోల్చాకే అది కారణం అవుతుంది. పిన్ని ఫోటోలు తీసి చూస్తే షాంపూలో ఎంసీఐ, ఎంఐ రెండూ, వైప్స్‌లో ఎంఐ, తలనూనెలో సువాసన ఉన్నాయి. అప్పటిదాకా మూడుసార్లు మార్చిన ముఖం క్రీమ్‌లలో ఎంఐ ఒక్కదాంట్లోనూ లేదు.

ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టడం

చర్మం పూర్తిగా నిమ్మళించాక, అంటే దురద లేకుండా కనీసం రెండు వారాలు గడిచాకే కొత్తది మొదలుపెట్టాలి. ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి మొదలుపెడితే, తేడా వచ్చినప్పుడు ఏది అని చెప్పలేం.

ఒంటి మీద ఉంచుకునే క్రీమ్, సన్‌స్క్రీన్ లాంటివి ఇలా పరీక్షించవచ్చు. మోచేతి మడతకు లోపలి వైపు, ఒక అయిదు సెంటీమీటర్ల చదరం ఎంచుకుని, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి పలచగా రాయాలి. మూయకూడదు, కట్టకూడదు. ఇలా రెండు వారాలు చేయాలి. చాలామంది ఒక్కరోజు రాసి "ఏం కాలేదు" అని ముఖానికి పూసేస్తారు. క్రీమ్‌లో మోతాదు తక్కువ కాబట్టి ఎలర్జీ బయటపడటానికి ఒక్కోసారి వారం పైనే పడుతుంది. దురదతో చిన్న చిన్న గుల్లలు మొదలైతే వెంటనే ఆపేసి, పేరు, తేదీ రాసుకోవాలి. చేయి గెలిచినా కనురెప్ప గెలిచినట్టు కాదు, ఆ చర్మం వేరు. కాబట్టి తర్వాత నాలుగైదు రోజులు చెవి కింద మెడ పక్కన రాసి, ఆ పైన ముఖానికి, అన్నిటికీ చివర రెప్పల దగ్గరికి వెళ్లాలి.

కడిగేసే వాటికి ఈ పద్ధతి పనికిరాదు. వాటిని జాబితా చదివి ఎంచుకోవడమే దారి. పిన్నికి ఎంచిన షాంపూలో సువాసన లేదు, ప్రిజర్వేటివ్‌గా సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్ ఉన్నాయి. మొదటి కొద్ది వారాలు తల వెనక్కి వంచి, నురగ ముఖం మీదికి రాకుండా కడుక్కుంది. వైప్స్ మానేసి, మనవరాలికి తడిగుడ్డ వాడింది. తలకు సువాసన కలపని కొబ్బరినూనె. మాయిశ్చరైజర్ ఫినాక్సీఎథనాల్ ఉన్నది, చేతి మీద రెండు వారాలు చూసుకుని మొదలుపెట్టింది. వేళ్లు ముందు తగ్గాయి, రెప్పలు అన్నిటికన్నా ఆలస్యంగా.

సీసా మీద మాటల్లో మూడింటిని నమ్మి కొనకండి. "అన్‌సెంటెడ్" అంటే వాసన రాకుండా కప్పడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" నయమే, కానీ ప్రిజర్వేటివ్ పేరుతో వాడే బెంజైల్ ఆల్కహాల్ సువాసన పదార్థం కూడా, కాబట్టి సువాసన ఎలర్జీ ఉన్నవాళ్లు దాన్నీ చూసుకోవాలి. "హైపోఎలర్జెనిక్" అన్న మాట ఉన్నా మీకు పడనిది లోపల లేదని అర్థం కాదు. ప్రిజర్వేటివ్‌లంటే భయంతో ఇంట్లో కలబంద, రోజ్ వాటర్ కలిపి డబ్బాలో నిల్వ పెట్టుకోవడమూ మంచిది కాదు. నీళ్లున్న ఆ మిశ్రమంలో బ్యాక్టీరియా త్వరగా చేరుతుంది, పగిలిన చర్మానికి అది ఇంకో తంటా.

బాగయ్యాక ఎక్కడ తిరగబెడుతుంది

శరీరం పెట్టుకున్న ఈ ఎలర్జీ గుర్తు సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఏళ్లు గడిచాయి కదా అని పాత షాంపూకి వెళితే మళ్లీ వస్తుంది. పడని పదార్థాల పేర్లు ఫోన్‌లో ఫోటోగా పెట్టుకుని బ్యూటీ పార్లర్‌లో, చర్మానికి మందు రాసే డాక్టర్‌కు చూపించాలి. ట్యూబుల్లో వచ్చే మందుల్లోనూ ప్రిజర్వేటివ్‌లు ఉంటాయి. కంపెనీ చెప్పకుండానే తయారీ మార్చవచ్చు, కాబట్టి పడే వస్తువైనా కొత్త సీసా కొన్న ప్రతిసారీ జాబితా చదవాలి. ప్రిజర్వేటివ్‌లు తక్కువ మోతాదులో ఉంటాయి గనుక జాబితా చివరి వరుసల్లో వెతకండి.

ఎంఐ ఎలర్జీ ఉన్నవాళ్లకు ఇంకొకటి: గోడల రంగు. నీళ్లు కలిపి వేసే పెయింట్లలో ఈ జాతి ప్రిజర్వేటివ్‌లు వాడతారు. రంగు ఆరాక కూడా వారాల తరబడి అవి గాలిలోకి వస్తుంటాయి. పిన్ని అన్నీ పాటిస్తూ హాయిగా ఉన్న సమయంలో సంక్రాంతికి హాలుకు రంగు వేయించారు. రెండో రోజుకల్లా రెప్పలు ఉబ్బాయి. రాసుకున్నది ఏమీ మారలేదు కాబట్టి అంతా గందరగోళపడ్డాం, డాక్టర్ రంగు గురించి అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. రంగు వేయించాల్సి వస్తే ముందే ఐసోథియాజోలినోన్లు లేని పెయింట్ ఉందేమో డీలర్‌ని అడగండి. లేకపోతే కిటికీలు తీసి ఉంచి, వీలైనన్ని వారాలు వేరే ఇంట్లోనో, కనీసం వేరే గదిలోనో పడుకోండి. తిరిగి వచ్చిన మొదటి రెండు, మూడు రోజులు రెప్పలను రోజూ వేలితో తడిమి చూసుకోండి. గరుకు తగిలితే ఇంకొన్నాళ్లు ఆగి రావాలి.